బల్బు వెలిగింది సరే, ఓమ్‌లు ఎన్ని?

ఇల్లు పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్ ఫేజుకీ ఎర్త్ తీగకీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి వెలిగిస్తాడు. ‘చూశారుగా బాబాయ్, ఎర్తింగ్‌కి తిరుగు లేదు’ అంటాడు. మనం తల ఊపేస్తాం. ఈసారి తల ఊపకుండా ‘ఎన్ని ఓమ్‌లు?’ అని అడగండి. మొహమాటం అక్కర్లేదు, డబ్బు మీది.

ఆ బల్బుకి కావలసింది అర ఆంపియర్ కూడా కాదు. ఎర్త్ 50 ఓమ్‌లున్నా దానికి 210 వోల్టులు అందుతాయి, ధగధగా వెలుగుతుంది. అదే ఇంట్లో ఫ్రిజ్ లోపల ఫేజు తీగ ఊడి బాడీకి తగిలిందనుకోండి. 230 వోల్టులను 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు. ఫ్రిజ్ మాత్రం ముట్టుకుంటే కొట్టే కరెంటుతో అలాగే నిలబడి ఉంటుంది. అందుకే మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఎర్త్ కాస్త బలహీనంగా ఉన్నా అది పని చేస్తుంది. కానీ పిడుగు దగ్గర అది ఏమీ చేయలేదు. అక్కడ ఎర్త్ పిట్టే దిక్కు.

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడితో చిక్కంతా ఇక్కడే. తడిగా ఉన్నప్పుడు ఇంత మంచి ఎర్త్ ఇచ్చే నేల తక్కువ. రెండున్నర మీటర్ల జీఐ పైపు ఒక్కటి దింపితే వానాకాలంలో మూడు నాలుగు ఓమ్‌లు రావడం వింత కాదు. పత్తి తీసేసి, మిర్చి కళ్లాల్లోకి చేరేసరికి అదే నేల కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పైపు చుట్టూ మట్టి వదిలేసి సందు ఏర్పడుతుంది. ఆ మేరకు పైపు గాలిలో ఉన్నట్టే. మరి పిడుగులు జోరుగా పడేది ఎప్పుడు? సరిగ్గా అప్పుడే. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంటే ఎర్త్ బాగా నీరసించే నెలలే దాని అవసరం ఎక్కువగా ఉండే నెలలు. ఆగస్టులో కొలిచి సంబరపడితే ఏం లాభం?

కాబట్టి గుంట తవ్వేటప్పుడే మే నెలను తలుచుకోండి. గోడకి మీటరున్నర దూరంలో, వంటింటి నీళ్లో బాత్రూం నీళ్లో పారే వైపు చోటు చూడండి. కనీసం 40 మిల్లీమీటర్ల జీఐ పైపును, దాని అడుగు మూడు మీటర్ల లోతుకు చేరేలా దింపండి. నెర్రెలు ఎక్కువగా పై మీటరులోనే ఉంటాయి, ఆ కింద తడి నిలుస్తుంది. పూడ్చేటప్పుడు పెద్ద పెద్ద గడ్డలు వేయనివ్వకండి. మట్టిని పొడి చేసి, బొగ్గుపొడి కలిపి, పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించండి. ఉప్పు బస్తాలు వేయించడం పాత అలవాటు. మొదట్లో ఓమ్‌లు తగ్గుతాయి, తర్వాత ఉప్పు వానకి కొట్టుకుపోతుంది, పోతూ పోతూ పైపును తినేస్తుంది. అయిదారు మీటర్ల దూరంలో రెండో పైపు దింపి రెండిటినీ కలిపితే ఆ ఖర్చు ఉప్పు కంటే ఎన్నో రెట్లు మేలు.

పిడుగు కడ్డీకి ఇంటి ఎర్త్‌తో సంబంధం ఉండకూడదని చాలామంది మేస్త్రీలు గట్టిగా చెబుతారు. అది పొరపాటు. కడ్డీకి దాని పిట్ దానికి ఉండాలి, కానీ రెండు పిట్లనూ నేలలో పట్టీతో కలపాలి. 30,000 ఆంపియర్ల పిడుగు 10 ఓమ్‌ల పిట్‌లోకి దిగితే లెక్కకి మూడు లక్షల వోల్టులు లేస్తాయి. ఇంటి ఎర్త్ విడిగా ఉంటే ఆ తేడా గోడలోంచి, టీవీ కేబుల్‌లోంచి, మోటారు తీగలోంచి దూకుతుంది. కలిపి ఉంచితే అన్నీ కలిసే లేస్తాయి, దూకడానికి తేడా మిగలదు. కరెంటు తీగల వెంట వచ్చే దెబ్బకు మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ వేరే ఉండాలి. కడ్డీ నుంచి దిగే పట్టీ వీలైనంత తిన్నగా రావాలి. సన్‌షేడ్ చుట్టూ మెలికలు తిప్పితే పిడుగు మెలికను వదిలేసి గోడను పట్టుకుంటుంది.

నిర్వహణ అంటే పెద్ద పనేం కాదు. ఎండాకాలంలో పిట్ మూత తీసి వారానికోసారి బిందె నీళ్లు మెల్లగా పోయండి. గబుక్కున పోస్తే నెర్రెలోంచి పక్కకు పోతాయి. ఏటా మే నెలలో, ఆ వారం నీళ్లు పోయకముందే, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. మీటరు తేనివాణ్ని, బల్బుతో సరిపెట్టేవాణ్ని వెనక్కి పంపండి. వచ్చిన అంకెను తేదీతో సహా మెయిన్ బోర్డు తలుపు లోపల రాసిపెట్టండి. నిరుటికంటే రెట్టింపయిందా? గుంట తవ్వించే ముందు మూత కింద బోల్టును చూడండి. జీఐ పైపుకు రాగి తీగ నేరుగా బిగించిన చోట తుప్పు పట్టి వదులైపోవడం మామూలే. గీకి, కొత్త బోల్టు బిగించి మళ్లీ కొలిపించండి. అప్పటికీ దిగకపోతే రెండో పైపు సంగతి చూడొచ్చు.