మూడు కథలు బట్టీ పట్టావట!

రాజమండ్రి

చిరంజీవి బుజ్జికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివాక నాకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. ఐసీఎస్ఈ ఇంగ్లీషు పేపరు కోసం మూడు కథలు బట్టీ పట్టావనీ, ఏ మొదటి వాక్యం ఇచ్చినా వాటిలో ఒకటి అతికించేస్తావనీ గొప్పగా రాశావు. దొంగను పట్టుకున్న కుర్రాడు, తప్పిపోయిన కుక్కపిల్ల, అమ్మమ్మ పోగొట్టుకున్న ఉంగరం. ఆ అమ్మమ్మ నేనే అయితే, నా ఉంగరం నా వేలికే ఉందమ్మా. దాన్ని పోగొట్టి మార్కులు తెచ్చుకోనక్కర్లేదు.

ఇంగ్లీషు టీచరుగా ఏళ్ల తరబడి పేపర్లు దిద్దిన దాన్ని. అతికించిన కథ రెండో పేరాలోనే తెలిసిపోతుంది. ఉదాహరణకి ఇలాంటి వాక్యం ఇచ్చారనుకో, తెలుగులో చెబుతాను: ‘బెంచీ కింద ఉన్న సంచీని నేను చూసేసరికే బస్సు వెళ్లిపోయింది.’ నీ పద్ధతిలో అయితే సంచీ విప్పగానే కుక్కపిల్ల బయటికొస్తుంది. అంతే, ఆ తర్వాత బస్సూ లేదు, బెంచీ లేదు. దిద్దేవాళ్లకి వెతుక్కునే పని కూడా ఉండదు. కథ చివరి పేరాలో బస్సు, సంచీ ఇంకా ఉన్నాయా లేవా అని చూస్తే చాలు.

అదే వాక్యాన్ని నిదానంగా చదివి చూడు. ‘నేను’ అన్నారు కాబట్టి కథ చెప్పేది నువ్వే. ‘అతను’ అని మొదలుపెట్టకూడదు. బస్సు వెళ్లిపోయింది, అంటే సంచీ మనిషి అందులో ఉండొచ్చు. సంచీ బెంచీ కింద ఉంది, అంటే నీ పక్కన ఎవరో కూర్చున్నారు. మరి నువ్వు ముందే ఎందుకు చూడలేదు? కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

నేనైతే ఇలా రాస్తాను. పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. చదువు రాదు. ‘ఏ బస్సు నాయనా?’ అని అడిగితే, ఫోన్లో తల దూర్చిన నేను తలెత్తకుండా ‘అదే’ అని చెయ్యి చూపించాను. ఆవిడ ఎక్కేసింది. ఇప్పుడు సంచీ తెరిస్తే ఎక్స్‌రే కవరు, రబ్బరుబ్యాండు చుట్టిన మాత్రల అట్టలు, అరిటాకులో పులిహోర. ఆవిడ ఆసుపత్రికి వెళుతోంది. నేను చూపించిన బస్సు మాత్రం అటు వెళ్లదు! ఎంక్వయిరీ కౌంటరు దగ్గరికి పరుగెత్తితే అక్కడాయన కండక్టరుకి ఫోన్ చేసి తర్వాతి స్టాపులో ఆవిడని దింపమన్నాడు. ఆటోలో వెళ్లి సంచీ ఇచ్చాను. ఆవిడ తిట్టలేదు, దండం పెట్టలేదు. ఎదురుగా వస్తున్న బస్సు వైపు చూసి, ‘ఈసారి బోర్డు చదివి చెప్పు బాబూ’ అంది.

చూశావా, ఒకే మధ్యాహ్నం, ఒక బస్టాండు, దాని తర్వాతి స్టాపు, మాట్లాడేది ముగ్గురే. మీకు ఇచ్చేది 300 నుంచి 350 మాటలు. అందులో నీ హీరో పుట్టి, పెరిగి, అమెరికా వెళ్లి, పశ్చాత్తాపపడి తిరిగి రావడానికి చోటెక్కడిది? సంచీలో ఏముందో చెప్పడానికి నాలుగైదు వాక్యాలు ఖర్చు పెట్టు, ఆటో ప్రయాణం ఒక్క వాక్యంలో దాటెయ్యి. పిల్లలు దీన్నే తలకిందులు చేస్తారు. పొద్దున లేచి పళ్లు తోముకోవడం దగ్గర మొదలుపెట్టి, అసలు ఘట్టం వచ్చేసరికి చోటు చాలక ‘ఇంతలో మెలకువ వచ్చింది, అంతా కల’ అంటారు. ఆ కల చదివి చదివి నా కళ్లజోడు నంబరు పెరిగింది.

అన్నట్టు, నువ్వు రాత్రి రెండింటిదాకా చదువుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. పదకొండుకల్లా పడుకో తల్లీ. సున్నుండలు పంపిస్తున్నాను, తమ్ముడికీ పెట్టు.

మళ్లీ కథల సంగతికొస్తే, మా ఎస్సెస్సెల్సీ రోజుల్లో వాక్యం కాదు, గీతలు పెట్టి కథాసూచనలు ఇచ్చేవారు. బాటసారి, అడవి, దాహం, పాడుబడ్డ బావి, తాడు లేదు, ఇలా. మీ పెద్దతాత గీతకో వాక్యం చొప్పున ఏడు వాక్యాలు రాసేసి, అందరికన్నా ముందు బయటికొచ్చి పుల్ల ఐసు తిన్నాడు. తర్వాత తహసీల్దారయ్యాడు, రిపోర్టులు కూడా అలాగే రాసేవాడని వదిన నవ్వేది. మా ఇంగ్లీషు మాస్టారు మాత్రం ‘ఇచ్చిన మాటలు వాళ్లవి, మధ్యలో గీతలు నీవి’ అనేవారు. బావి లోతని బాటసారికి ఎలా తెలిసింది? రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టాడా? తాడు లేకపోతే పంచె చింపాడా? అవి రాసినవాడిదే కథ. సూచనల వరుస మార్చకూడదు, ఒక్కటీ వదలకూడదు.

ఇంకోటి. తెలుగులో మనం ‘వెళ్లానా, చూద్దును కదా, తలుపు తీసుంది’ అని భూతకాలంలో మొదలుపెట్టి ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పేస్తాం, ఎంతో బాగుంటుంది. ఇంగ్లీషులో భూతకాలంలో మొదలైన కథ మధ్యలో వర్తమానంలోకి జారితే తప్పు కిందే లెక్క. పరుగెత్తే ఘట్టంలోనే అది ఎక్కువగా జారుతుంది. రాశాక అక్కడొకసారి క్రియలు మాత్రమే చూసుకుంటూ వెళ్లు. మాట్లాడిన మాటలకి ఈ నియమం లేదు. మనిషి మారినప్పుడల్లా కొత్త పేరా మాత్రం వెయ్యాలి.

ఇచ్చిన వాక్యంలో ఒక్క మాట కూడా మార్చకు. ఆ వాక్యంతో ‘ముగియాలి’ అంటే అదే ఆఖరి వాక్యం. దాని కింద నీతివాక్యం చేర్చావంటే అడిగింది చెయ్యనట్టే.

రెండు గంటల పేపరు, 80 మార్కులు. కథకి 20, అరగంట మించొద్దని పేపరు మీదే ఉంటుంది. ఉత్తరం, నోటీసు, ఈమెయిలు, ప్యాసేజీ, గ్రామరు అన్నీ దాని వెనకే ఉన్నాయి. ముందిచ్చే పదిహేను నిమిషాల్లో రాయనివ్వరు, చదవడమే. అప్పుడే కథ ఎక్కడ ఆగాలో అనుకో. ముగింపు తట్టకపోతే ఆ ప్రశ్న వదిలెయ్యి. వర్ణన, వాదన, బొమ్మ చూసి రాసేది కూడా ఇస్తారుగా. కథే రాయాలని ఎవరూ నిన్ను కట్టెయ్యలేదు. అరగంటలో మొదటి ఐదు నిమిషాలు ముఖ్యమైన సంగతులు రఫ్‌గా రాసుకుని, చివరి ఐదు నిమిషాలు చదువుకోవడానికి ఉంచుకో.

మళ్లీ అక్కడికే వస్తున్నానని విసుక్కోకు. ఆ మూడు కథల నోటుబుక్కు అమ్మకిచ్చెయ్యి. వాటిని ఎక్కడో చదివి ఎత్తి రాసుకున్నావని నాకు తెలుసు. పేపరు అడిగేది సొంత కథ. పోయిన వేసవిలో మన మేడ మీద కోతి వచ్చి తాతయ్య పేపరు ఎత్తుకుపోయిన సంగతి నువ్వు ఫోన్లో మీ నాన్నకి చెబుతుంటే నేను వంటింట్లోంచి విన్నాను. బట్టీ లేదు, ఏమీ లేదు. ఎంత బాగా చెప్పావో!

బెంచీ కింద సంచీ వాక్యమే తీసుకో, నా ముసలావిడని మాత్రం వాడుకోకు. గడియారం ముందు పెట్టుకుని అరగంటలో రాసి, మాటలు లెక్కపెట్టి, ఈ ఆదివారంలోగా పోస్టు చెయ్యి. ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు
మీ అమ్మమ్మ