దానమిచ్చిన ముత్యాలు ఏవో ఎలా తెలుసుకోవాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల దాతలు పేద ఆడపిల్లల పెళ్లిళ్లకని నగలు కూడా ఇస్తుంటారు. అలా వచ్చిన ఒక ముత్యాల దండను ఆ ఇంటివారు 'నానమ్మ కాలం నాటి బస్రా మోతీ' అన్నారు. దండ అమ్మి ఆ డబ్బును పెళ్లికి వాడాలి. ఎక్కువ చెప్పి అమ్మితే కొన్నవారికి మోసం, తక్కువకు ఇస్తే ఆ పిల్లకు నష్టం. అందుకే ముందు పరీక్షించి చూశాం.

ముత్యాలు మూడు రకాలు. చిప్పలో తనంతట తాను పెరిగింది సహజ ముత్యం. గల్ఫ్ సముద్రపు బస్రా ముత్యం ఈ రకమే. మనిషి చిప్పలో పూసనో, మాంసపు ముక్కనో పెట్టి పెంచింది కల్చర్డ్ ముత్యం. గాజు పూసకో, ప్లాస్టిక్ పూసకో మెరుపు పూసింది నకిలీ.

మొదట రెండు పూసలను మెల్లగా ఒకదానితో ఒకటి రుద్దాం. సన్నని ఇసుక తగిలినట్టు గరగరలాడాయి. నకిలీవైతే సాధారణంగా నున్నగా జారతాయి. తరువాత పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో రంధ్రం అంచు చూశాం. నకిలీ పూసకైతే అక్కడ పూత పెచ్చులూడుతుంది. ఇక్కడ అలా లేదు. కాబట్టి నకిలీ కాదు.

తరువాత మెరుపు. దీన్నే ఉర్దూలో ఆబ్ అంటారు. తెల్లని గుడ్డ మీద దండ పరచి, ట్యూబ్‌లైటు కింద చూడాలి. లైటు గీత అంచులు పదునుగా కనిపిస్తే మంచి ఆబ్. మసకగా, సుద్దముక్కలా ఉంటే తక్కువ. మా దండలో గీత కనిపించింది గానీ అంచులు కొంచెం చెదిరాయి. మధ్యరకం అన్నమాట.

ఇక పొర మందం. సముద్రపు కల్చర్డ్ ముత్యంలో రంధ్రం లోపల పొరకూ పూసకూ మధ్య గీత కనిపిస్తుంది. పొర పలచనైతే ముత్యాన్ని దొర్లించినప్పుడు లోపలి పూస చారలు మినుకుమినుకుమంటాయి. అలాంటిది త్వరగా అరిగిపోతుంది. మా దండలో ఆ గీత లేదు. అంటే లోపలంతా ముత్యపు పొరే. ఇది సహజ ముత్యంలోనూ ఉంటుంది, చైనా నుంచి ఎక్కువగా వచ్చే మంచినీటి కల్చర్డ్ ముత్యంలోనూ ఉంటుంది.

తికమక ఇక్కడే. పూసల చుట్టూ సన్నని వలయాలు, అన్నిటికీ ఒకే రంగు, దాదాపు ఒకే సైజు చూస్తే మంచినీటివనిపించింది. కానీ అది అంచనా మాత్రమే. ఎక్స్‌రే పరీక్ష చేసే ల్యాబ్ మాత్రమే తేల్చగలదు. ల్యాబ్‌కు పంపాం. మంచినీటి కల్చర్డ్ అనే వచ్చింది. ఆ పేరుతోనే, ఆ ధరకే అమ్మాం.

ఇంటివారు అబద్ధమాడలేదు, వారికి అలా చెప్పి అమ్మారు. కనుక దాతలు ముత్యాలు ఇచ్చేటప్పుడు కొన్న రసీదు ఉంటే జతచేయండి. లేకుంటే 'బస్రా' అని రాయకండి, 'ముత్యాల దండ' అని రాయండి. మిగతాది మేము చూసి చెబుతాం.