ఆ రోజు భుజం మీద ఏముంది: జనరల్ కృష్ణారావు సర్వీసు పట్టిక తయారీ

రాయ్‌పూర్‌ను ఛత్తీస్‌గఢ్‌కు కేంద్రం చేసినవాడి పేరు ఇక్కడి బడిపిల్లలకు కూడా తెలుసు. నాగ్‌పూర్ భోంస్లేల రాజ్యం ఆంగ్లేయుల అదుపులోకి వచ్చాక, 1818లో రతన్‌పూర్ నుంచి కచేరీని రాయ్‌పూర్‌కు మార్చిన సూపరింటెండెంట్ ఆగ్న్యూ. స్థానిక చరిత్ర పుస్తకాలు చాలావరకు ఆయన్ని కర్నల్ ఆగ్న్యూ అంటాయి. 1820లో ఈ సుబా గురించి ఆయన రాసిన నివేదిక మీద మాత్రం మేజర్ పి. వాన్స్ ఆగ్న్యూ అని ఉంటుంది. రెండూ ఒకే మనిషి పేర్లే. తర్వాత వచ్చిన హోదాను ముందరి ఏళ్లకు కూడా తగిలించేయడం వల్ల ఈ తేడా వచ్చింది. సైనికాధికారి జీవితాన్ని కాగితాల నుంచి పోగు చేసేవాళ్లు మొదట పడే గోతి ఇదే.

రాయ్‌పూర్‌లో ఉంటూ నేను కూర్చుకున్న పట్టిక మాత్రం ఆగ్న్యూది కాదు, మనవాడిది. విజయవాడలో పుట్టి భారత సైన్యాధిపతి అయిన జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు. అది ఎలా తయారైందో మొదటినుంచీ చెబుతాను.

ముందు పెద్ద కాగితం తీసుకుని నిలువుగా గీతలు కొట్టాను. తేదీ ఒక గడి, పదవి ఒక గడి, హోదా ఒక గడి, ఆధారం ఒక గడి. పదవినీ హోదానీ ఒకే గడిలో రాయకూడదు. బ్రిగేడ్ కమాండర్ అనేది పదవి, బ్రిగేడియర్ అనేది హోదా. రెండూ చాలాసార్లు కలిసే వస్తాయి కానీ, ఒకటి తెలిసింది కదా అని రెండోది రాసేస్తే పట్టిక చెడిపోతుంది. హోదా గడిని నేను మళ్లీ రెండుగా చీల్చాను. ఒకటి యాక్టింగ్, రెండోది సబ్‌స్టాంటివ్. ఎందుకో తర్వాత చెబుతాను.

పట్టికను పుట్టుక నుంచి కాక చివరి నుంచి మొదలుపెట్టాలి. పెద్ద పదవుల తేదీలు ప్రభుత్వ ప్రకటనల్లో, పత్రికల్లో స్పష్టంగా ఉంటాయి. కృష్ణారావు గారు సైన్యాధిపతి అయింది 1981 జూన్ 1న, దిగింది 1983 జూలై 31న. ఈ రెండు తేదీలు రాయగానే ఒక పరీక్ష చేయవచ్చు. సైన్యాధిపతి పదవీకాలానికి అప్పటి లెక్క మూడేళ్లు, లేదా అరవై ఏళ్ల వయసు, ఏది ముందు వస్తే అది. ఆయన పుట్టింది 1923 జూలై 16న. అరవై నిండేది 1983 జూలై 16న, ఆ నెలాఖరుకు విరమణ. తేదీ సరిగ్గా అతికింది. ఆయనకు ముందున్న జనరల్ మల్హోత్రా విషయంలో మూడేళ్ల కొలత పనిచేసింది. 1978 మే 31 నుంచి 1981 మే 31 దాకా నిండు మూడేళ్లు. ఇలా అతికితే పుట్టిన తేదీ, విరమణ తేదీ రెండూ నమ్మదగినవని తేలుతుంది. అతకకపోతే రెంటిలో ఒకటి తప్పయినా కావాలి, ప్రభుత్వం గడువు పొడిగించినా ఉండాలి. అప్పుడు ఆ ఉత్తర్వు కోసం వెతకాలి.

అక్కడినుంచి వెనక్కి దిగాను. 1979 నుంచి 1981 దాకా వెస్టర్న్ కమాండ్ అధిపతి. అంతకుముందు 1978–79లో ఉప సైన్యాధిపతి, అంటే డిప్యూటీ చీఫ్. వైస్ చీఫ్ అనేది వేరే పదవి, రెంటినీ కలపకూడదు. 1974 నుంచి 1978 దాకా జమ్మూ ప్రాంతంలో కోర్ కమాండర్. 1972–74లో వెస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్.

ఈ చీఫ్ ఆఫ్ స్టాఫ్ గడి దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఈరోజు ఏ కమాండ్‌లోనైనా ఆ కుర్చీలో కూర్చునేది లెఫ్టినెంట్ జనరల్. అదే హోదా 1972కు రాయబోయి చేయి ఆపుకున్నాను. 1971 యుద్ధంలో ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జేకబ్ అప్పటికి మేజర్ జనరలే. అంటే ఆ కుర్చీకి ఆ రోజుల్లో ఉన్న హోదా ఇప్పటికంటే ఒక మెట్టు తక్కువ. పదవుల హోదాలు కాలంతో పాటు మారతాయి కాబట్టి, ఈనాటి పట్టిక పెట్టుకుని ఆనాటి హోదా ఊహించకూడదు. కృష్ణారావు గారి లెఫ్టినెంట్ జనరల్ హోదాను 1974లో కోర్ చేపట్టినప్పటి దగ్గర వెతకాలి.

ఇక గెజిట్. కమిషన్లు, ప్రమోషన్లు, విరమణలు, పతకాలు భారత గెజిట్‌లో అచ్చవుతాయి. రక్షణ శాఖ ప్రకటనలకు పార్ట్ 1, సెక్షన్ 4 చూడాలి. పాత సంచికలు చాలావరకు స్కాన్ అయి ఉన్నాయి, egazette.gov.in లోనూ కొన్ని దొరుకుతాయి. పేరుతో వెతికితే విసుగు పుడుతుంది. కృష్ణారావు అనే పేరు తెలుగువాళ్లలో ఎంతమందికుందో చెప్పక్కర్లేదు, పైగా పాత అచ్చును యంత్రం చదివేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. అధికారి సర్వీసు నంబరు పట్టుకుని వెతకడమే మేలు. ఐసీ అనే అక్షరాలతో మొదలయ్యే ఆ అంకె శాశ్వత కమిషన్ వచ్చాక మారదు. పేరు పొడి అక్షరాల్లో ఉన్నా, తప్పు అచ్చయినా, నంబరు సరిపోతే మనిషి అతనే.

గెజిట్‌లో ఒక్కో పేరు పక్కన మూడు తేదీలను విడదీసి చూసుకోవాలి. సంచిక అచ్చయిన తేదీ, ప్రమోషన్ అమల్లోకి వచ్చిన తేదీ, సీనియారిటీ లెక్కించే తేదీ. పట్టికలోకి ఎక్కాల్సింది రెండోది. అచ్చయిన తేదీ దానికి నెలల తర్వాత ఉండటం మామూలే. సీనియారిటీ తేదీ ఒక్కోసారి అంతకంటే ఏళ్ల వెనక్కి కూడా పోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో చేరినవాళ్ల విషయంలో ఈ చిక్కు బాగా ఎక్కువ. కృష్ణారావు గారు 1942 ఆగస్టు 9న మహార్ రెజిమెంట్ రెండో బెటాలియన్‌లో చేరారు. అది ఎమర్జెన్సీ కమిషన్, యుద్ధ అవసరానికి ఇచ్చినది. అలా చేరి, తర్వాత శాశ్వత కమిషన్ పొందిన అధికారులకు రెండు మొదళ్లు ఉంటాయి. అందుకే ఒకే మనిషి మొదటి తేదీ రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపించవచ్చు. రెండూ నిజమే కాబట్టి రెండూ రాసుకుని, ఏది ఏ కమిషనో పక్కన పెట్టుకోవాలి.

మరో తేదీ అందరినీ ఒకేలా తికమక పెడుతుంది. 1950 జనవరి 26. రాజు పేరిట ఇచ్చిన కమిషన్లు ఆ రోజుతో రాష్ట్రపతి పేరిట మారాయి, భుజాల మీది కిరీటం స్థానంలో అశోక సింహాలు వచ్చాయి. అప్పటి అధికారుల పట్టికల్లో ఆ తేదీ మళ్లీ కమిషన్ వచ్చినట్టు కనిపిస్తుంది. అప్పటికి మేజర్ హోదాలో పనిచేస్తున్న మనిషి అక్కడ కెప్టెన్‌గానో లెఫ్టినెంట్‌గానో ఉంటాడు. కొత్తవాళ్లు దాన్ని చూసి పాపం హోదా తగ్గించారనుకుంటారు. అది తగ్గింపు కాదు, ఆ కాగితంలో ఉన్నది అతని సబ్‌స్టాంటివ్ హోదా.

యాక్టింగ్‌కూ సబ్‌స్టాంటివ్‌కూ తేడా నాకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పింది మా వీధిలో ఉండే రిటైర్డ్ సుబేదారు గారు. శ్రీకాకుళం మనిషి. నా పట్టిక చూసి, “బాబూ, ఆ రోజుల్లో పెద్ద కుర్చీ ఎక్కితే నక్షత్రాలు ఇచ్చేవారు, కుర్చీ దిగితే నక్షత్రాలూ దిగొచ్చు. సర్కారు వారి చిట్టాలో మాత్రం నీ సొంత హోదా వేరే ఉంటుంది” అన్నారు. బ్రిగేడ్ చేపట్టిన రోజున అధికారి యాక్టింగ్ బ్రిగేడియర్ అవుతాడు. ఆ హోదా అతనికి సొంతమైనట్టు గెజిట్‌లో పడటానికి ఏళ్లు పట్టవచ్చు. కాబట్టి 1965–66లో లడఖ్‌లో బ్రిగేడ్, 1969–70లో జమ్మూ ప్రాంతంలో పదాతి డివిజన్ అనే వరుసల పక్కన కేవలం ఒక హోదా రాస్తే సగం నిజమే రాసినట్టు. అందుకే ఆ గడిని చీల్చుకున్నాను.

గెజిట్ హోదా చెబుతుంది కానీ, మనిషి ఆ రోజు ఎక్కడున్నాడో చెప్పదు. దానికి యుద్ధ నివేదికలు కావాలి. వాటిలో చిక్కు ఇందుకు తలకిందులు. యుద్ధకాలపు రోజువారీ నివేదికలో పేర్లు అరుదు. డివిజన్ పేరు, పదవి, స్థలం, గంట మాత్రం ఉంటాయి. ఎనిమిదో మౌంటెన్ డివిజన్ కమాండర్ ఫలానా ఆదేశమిచ్చారని ఉంటే, ఆ కమాండర్ ఎవరో మన పట్టికే చెప్పాలి.

ఇక్కడ నేను దాదాపు తప్పటడుగు వేశాను. ఎనిమిదో మౌంటెన్ డివిజన్ అనగానే ఈ తరానికి కార్గిల్, ద్రాస్ గుర్తొస్తాయి. 1970–72లో కృష్ణారావు గారు దాన్ని నడిపిన కాలాన్ని కూడా కశ్మీర్ ఖాతాలో రాయబోయాను. కానీ ఆ డివిజన్ 1963లో ఏర్పడింది నాగాలాండ్ తిరుగుబాటును ఎదుర్కోవడానికి. కశ్మీర్‌కు అది చాలా తర్వాత వెళ్లింది. ఆయన కాలంలో అది నాగాలాండ్, మణిపూర్‌లలో పనిచేసింది, అక్కడినుంచే 1971 యుద్ధానికి దిగింది. సైనిక దళానికి పేరు నిలిచి ఉంటుంది, ఊరు మాత్రం మారిపోతుంది. అందుకని ప్రతి దళానికీ ఆ ఏడాది చిరునామా విడిగా చూసుకోవాలి.

ఒక్క వరుస పూర్తిగా నిండిందంటే అది 1971 డిసెంబరు. గొలుసు పైనుంచి కింది దాకా దొరికింది. ఈస్టర్న్ కమాండ్ అధిపతి అరోరా, ఆయన కింద నాలుగో కోర్ లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్, ఆయన కింద ఎనిమిదో మౌంటెన్ డివిజన్ మేజర్ జనరల్ కృష్ణారావు, ఆయన కింద 59వ మౌంటెన్ బ్రిగేడ్. ఆ బ్రిగేడ్‌లోని ఐదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ను డిసెంబరు 7న హెలికాప్టర్లలో సిల్హెట్ దగ్గర దించారు. వాళ్లు పది రోజులకు దగ్గరగా అక్కడ నిలబడ్డారు. సిల్హెట్‌లోని పాకిస్తాన్ దళం చివరికి లొంగిపోయింది. ఈ ఘటన గురించి బెటాలియన్ వైపునుంచీ, కోర్ వైపునుంచీ, రక్షణ శాఖ చరిత్ర విభాగం రాయించిన యుద్ధ చరిత్రలోనూ కథనాలున్నాయి. ఒకదాన్నొకటి చూసి రాయనివి కనీసం రెండు ఒప్పుకున్నప్పుడే తేదీని సిరాతో రాశాను. సొంత జ్ఞాపకాల పుస్తకం కూడా ఆయన రాశారు. అందులోంచి కారణాలు తీసుకున్నాను కానీ, తేదీలకు దాన్ని ఒంటరి సాక్షిగా నిలబెట్టలేదు. ఎవరి జ్ఞాపకమైనా ముప్ఫై ఏళ్లకు నెలలను కలిపేస్తుంది. ఆ యుద్ధ సేవకు వచ్చిన పరమ విశిష్ట సేవా పతకం గెజిట్‌లోకి ఎక్కుతుంది కాబట్టి, దాని ప్రశంసా పత్రం ఆ వరుసకు మరో మేకు.

ఫొటోలు కూడా సాక్ష్యమే. అశోక సింహాల కింద మూడు నక్షత్రాలుంటే బ్రిగేడియర్. అడ్డంగా పెట్టిన కత్తి, దండం మీద ఒక నక్షత్రం ఉంటే మేజర్ జనరల్, నక్షత్రం బదులు సింహాలుంటే లెఫ్టినెంట్ జనరల్. ఫొటో కింద రాసిన మాట కంటే భుజమే నిజం చెబుతుంది. అయితే భుజం చెప్పేది ఆ రోజు తొడుక్కున్న హోదానే, గెజిట్‌లోని సొంత హోదాను కాదు.

1942 నుంచి 1949 దాకా ఉన్న భాగం ఇంకా పెన్సిల్‌తోనే ఉంది. బర్మా, వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్, తర్వాత 1947లో పంజాబ్ అల్లర్లు, కశ్మీర్ యుద్ధం, 1949లో డిఫెన్స్ అకాడమీ తొలి శిక్షకుల్లో ఒకరు. వరుస తెలుసు, నెలలు నిండలేదు. రెండో మహార్ బెటాలియన్ పుట్టింది కాంప్టీలో. రాయ్‌పూర్ నుంచి రైలెక్కితే నాగ్‌పూర్ చేరేముందు వచ్చే కంటోన్మెంట్ ఊరు అది. యుద్ధం నాటి బర్మా దళాల డైరీలు లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 అనే వరుసలో ఉన్నాయి. బెటాలియన్ డైరీ నెలకొక కట్టగా ఉంటుంది, అధికారి చేరిన రోజు, సెలవుపై వెళ్లిన రోజు అందులో ఒక్క పంక్తిలో పడతాయి. నాకు కావలసింది అలాంటి నాలుగైదు పంక్తులే. అవి చేతికొచ్చేదాకా ఆ గడుల్లో ఏడాది రాసి, నెలకు చోటు వదిలి ఉంచాను.