ఒక తీగ, రెండు తెరలు

మా అక్క పలచని ల్యాప్‌టాప్‌కి ఒకే యూఎస్‌బీ-సీ డాక్‌తో రెండు క్యూహెచ్‌డీ మానిటర్లు తగిలించాం. ఒకటి వెలిగింది, రెండోది నల్లగానే ఉండిపోయింది. కేబుల్ మార్చినా అంతే.

చిక్కంతా దారిలో ఉంది. యూఎస్‌బీ-సీలో వేగంగా నడిచే దారులు నాలుగు. మా డాక్ అందులో రెండు పెన్‌డ్రైవ్ వంటివాటికి ఉంచుకుని, రెండే బొమ్మకి ఇస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2లో ఆ రెండింటి గుండా సెకనుకి సుమారు 8.6 గిగాబిట్లే వెళ్తాయి. 60 హెర్ట్జ్‌లో ఒక్కో క్యూహెచ్‌డీ తెరకి దాదాపు 5.8 కావాలి, రెండింటికీ 11.6. ఇక పట్టేదెలా?

రెండింటినీ 1920×1080కి దించాం. ఒక్కోదానికి 3.6, మొత్తం 7.2. రెండూ వెలిగాయి! అక్షరాలు మాత్రం కాస్త మసక. మీ రెండో తెర వెలగకపోతే ముందు రిజల్యూషన్ తగ్గించి చూడండి. అప్పుడు వెలిగితే తప్పు మానిటర్‌ది కాదు, దారే ఇరుకు.