ఉగాది భోజనం పోస్టు: రెండు భాషల్లోనూ సహజంగా వినిపించడానికి కొన్ని చిట్కాలు

ఉగాదికి వారం ముందు నుంచీ హోటళ్ల పేజీల్లో ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ఈ ఉగాదికి మీ ప్రియమైన వారితో కలిసి మా ప్రత్యేక విందును ఆస్వాదించండి.’ ఇందులో అక్షర దోషం ఒక్కటీ లేదు. అయినా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఇలా మాట్లాడరు. ఇంగ్లీషులో రాసినదాన్ని ఎవరో తెలుగులోకి దించారని చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. కింది చిట్కాలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లి వైపు ఒక శాకాహార భోజన హోటల్, 2026 మార్చి 19న ఉగాది మధ్యాహ్న భోజనం, పోస్టు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కావాలి.

1. ముందు వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి. తేదీ, వారం, వేళ, ధర, పిల్లలకెంత, పార్సిల్ ఉందా లేదా, ఫోన్ నంబరు, వడ్డించే పదార్థాలు. మన హోటల్ కాగితం మీద ఇలా ఉందనుకుందాం: గురువారం, మధ్యాహ్నం 12 నుంచి 3.30 దాకా, ఒక్కొక్కరికి రూ. 449, ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం, అరిటాకు భోజనం, పార్సిల్ లేదు. రెండు భాషల్లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాల్సినవి ఇవే. ధర ఒకచోట 449 అని, ఇంకోచోట 499 అని పడితే కౌంటర్ దగ్గర గొడవ పడాల్సింది క్యాషియర్.

2. ఈ కాగితం నుంచి రెండు పోస్టులు విడివిడిగా రాయండి. ఒకటి రాసి దాన్ని రెండో భాషలోకి మార్చవద్దు. ఎందుకంటే చదివేవారు ఇద్దరు వేరు. తెలుగు చదివే ఆవిడకు ఉగాది పచ్చడి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పండగ పూట ఇంట్లో వంట తప్పించుకోవచ్చా, మామగారికి పులిహోర నచ్చుతుందా, నలుగురు వెళ్తే ఎంతవుతుంది అన్నవి ఆవిడ లెక్కలు. ఇంగ్లీషు చదివేవారు చాలావరకు ఉగాది అలవాటు లేని రాష్ట్రాల నుంచి ఉద్యోగాలకొచ్చినవారు. వాళ్లకు ఉగాది అంటే ఏం తింటారు, చేదుగా ఉంటుందంటున్న ఆ పచ్చడి ఏమిటి, కొత్తవాళ్లం వెళ్తే బాగుంటుందా అన్నవి సందేహాలు. ఒకరికి రాసింది ఇంకొకరికి సరిపోదు. వాక్యానికి వాక్యం సరిపోవాలన్న పట్టుదల వదిలేస్తే కృతకత్వం సగం పోతుంది.

3. తెలుగు వాక్యాన్ని ఫోన్లో బంధువుకు చెబుతున్నట్టు చెప్పి చూడండి. ‘మీ ప్రియమైన వారితో’ అనం, ‘ఇంటిల్లిపాదీ రండి’ అంటాం. ‘రుచికరమైన వంటకాలు వడ్డించబడును’ అనం, ‘వడ్డిస్తాం’ అంటాం. ‘ప్రతి వ్యక్తికి రూ. 449 మాత్రమే’ అనం, ‘ఒక్కొక్కరికి రూ. 449’ అంటాం. ‘మాతో కలిసి ఉగాదిని జరుపుకోండి’ అన్నది మరీ తరచుగా కనిపించే తప్పు. మనవాళ్లు ఉగాదిని ఇంట్లో, గుళ్లో జరుపుకుంటారు, హోటల్‌కు భోజనానికి వస్తారు. అందుకే ‘ఉగాది భోజనానికి రండి’ అంటే చాలు.

‘మీ’, ‘మా’ అన్నవి ఎక్కడెక్కడ తీసేయవచ్చో చూడండి. ‘మీ టేబుల్‌ను ఇప్పుడే మీ కుటుంబం కోసం బుక్ చేసుకోండి’ అన్నదాన్ని ‘టేబుల్ కావాలంటే ముందురోజే ఫోన్ చేయండి’ అని మార్చితే రెండు ‘మీ’లు పోయాయి, ఎప్పుడు చేయాలో కూడా తెలిసింది. అద్భుతం, అమోఘం, మరపురాని అనుభూతి లాంటి విశేషణాలు తీసి వాటి చోట పదార్థాన్ని పెట్టండి. పెనం మీద నుంచి దించిన బొబ్బట్టు, దానిమీద నెయ్యి అంటే చదివేవారికి నోరూరుతుంది. ‘సంప్రదాయ రుచుల సమ్మేళనం’ అంటే ఏ హోటల్ బోర్డు మీదైనా అతికించుకోవచ్చు.

టేబుల్, బుక్, పార్సిల్ లాంటి మాటల్ని బలవంతంగా తెలుగు చేయకండి. పార్సిల్‌ను ‘పొట్లం’ అంటే ఎవరూ అడగరు. సర్వర్లు, కస్టమర్లు రోజూ వాడే మాటే రాయాలి.

4. వంటకం పేరు ఊరిని బట్టి పెట్టండి. కోస్తాలో బొబ్బట్టు, తెలంగాణలో చాలాచోట్ల భక్ష్యాలు, రాయలసీమలో ఓళిగలు. కూకట్‌పల్లిలో ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడినవారు ఎక్కువ కాబట్టి మన పోస్టులో బొబ్బట్టు చెల్లుతుంది. అదే హోటల్ వరంగల్‌లో ఉంటే భక్ష్యాలు అనే రాయాలి. ఉగాది పచ్చడి విషయంలో క్రియ కూడా మారుతుంది. తెలంగాణ ఇళ్లలో దాన్ని పల్చగా కలిపి గ్లాసుల్లో పోసి తాగుతారు, ఆంధ్ర ఇళ్లలో చిక్కగా చేసి చెంచాతో తింటారు. మీ వంటమాస్టారు ఎలా చేస్తారో అడగండి. కుండలోంచి గ్లాసుల్లో పోస్తుంటే, ‘తినండి’ అని రాసిన పోస్టును అది చూసినవారు నమ్మరు.

5. ఇంగ్లీషు రాసేటప్పుడు వంటకం పేరు మార్చవద్దు, పక్కన అదేమిటో నాలుగు మాటల్లో చెప్పండి. బొబ్బట్టును ‘స్వీట్ పాన్‌కేక్’ అన్నా, ఉగాది పచ్చడిని ‘పికిల్’ అన్నా తినడానికి వచ్చినవారు ఇంకేదో ఊహించుకుని వస్తారు. వేపపువ్వు, బెల్లం, మామిడికాయ, చింతపండు, ఉప్పు, కారం అని ఆరూ పేర్లతో చెబితే చాలు, తత్వం చెప్పక్కర్లేదు. జీవితంలోని సుఖదుఃఖాల గురించి ఒక పేరా రాయాలనిపిస్తుంది. అది ఆపండి, భోజనానికి పిలుస్తున్నాం. శాకాహారం అన్న మాట ఇంగ్లీషులో తప్పకుండా ఉండాలి. బోర్డు చూసిన పాత కస్టమర్లకు ఆ సంగతి తెలుసు, మొదటిసారి పేజీ చూస్తున్నవారికి తెలియదు.

6. సంవత్సరం పేరుతో జాగ్రత్త. 2026 మార్చి 19న మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం. తెలుగులో ‘శ్రీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. అరవై పేర్లలో అదొకటి, పంచాంగం పెట్టిన పేరు. అదే పదానికి అర్థం చూసి ఇంగ్లీషులోకి దించితే, ‘అవమాన సంవత్సర శుభాకాంక్షలు’ చెప్పినట్టవుతుంది. ఇంగ్లీషులో సంవత్సరం పేరు వదిలేసి ఉగాది శుభాకాంక్షలు చెప్పండి. పెద్దవారెవరైనా పేరు ఉండాల్సిందే అంటే పేరును పేరుగానే ఉంచండి, అర్థం జోలికి పోకండి.

7. ఇప్పుడు పోస్టు చూడండి. ఫోన్ నంబరు తప్ప పై వివరాలన్నీ పెట్టి రాస్తే ఇలా వస్తుంది:

```
అరిటాకులో ఉగాది భోజనం. ముందు వేపపువ్వు పచ్చడి,
తర్వాత పెనం మీద నుంచి దించిన బొబ్బట్టు, దానిమీద నెయ్యి.
మామిడికాయ పులిహోర, గుత్తివంకాయ, ముక్కల పులుసు
ఎటూ ఉంటాయి. ఇంటిల్లిపాదీ రండి.
మార్చి 19, గురువారం, మధ్యాహ్నం 12 నుంచి 3.30 దాకా.
ఒక్కొక్కరికి రూ. 449. ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితం.
పార్సిల్ లేదు.

First Ugadi? Lunch opens with a spoon of pachadi: neem
flowers, jaggery, raw mango, tamarind, salt and chilli.
Yes, it's bitter, and sweet right after. Then a full
vegetarian meal on a banana leaf, with hot bobbattu,
a soft flatbread filled with sweet dal.
Thursday 19 March, 12 to 3.30 pm. Rs 449 each,
under-fives free. Dine-in only.
```

రెండిట్లో ఏవి కలిశాయో, ఏవి కలవలేదో గమనించండి. తేదీ, వేళ, ధర, పిల్లల సంగతి, పార్సిల్ సంగతి ఒకటే. గుత్తివంకాయ, ముక్కల పులుసు తెలుగులో మాత్రమే ఉన్నాయి, ఎందుకంటే ఆ పేర్లు వినగానే మనవాళ్లకు వాసన తెలుస్తుంది. పచ్చడిలో ఏమేం వేస్తారో ఇంగ్లీషులో మాత్రమే ఉంది. చేదన్న మాట ఇంగ్లీషులో దాచకుండా చెప్పాం, లేకపోతే మొదటి చెంచాకే పదార్థం చెడిపోయిందనుకుంటారు.

8. మొదటి వరుసలో వంటకం ఉండాలి, శుభాకాంక్షలు చివర్లో ఉన్నా సరే. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. ఆ కాస్త చోటులో ‘సమస్త ప్రజలకు ఉగాది శుభాకాంక్షలు’ అని పెడితే భోజనం సంగతి లోపలే ఉండిపోతుంది. రెండు భాషల మధ్య ఒక ఖాళీ వరుస వదలండి. ఒకే వాక్యంలో సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి రాయడం మాటల్లో బాగుంటుంది, పోస్టులో కళ్లు తడబడతాయి.

9. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో వేరే ఫోన్లో చూడండి. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో చాలామంది అను ఫాంట్లు వాడతారు. అక్కడ టైప్ చేసిన తెలుగు యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫైల్లోంచి కాపీ చేసి పోస్టులో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. పోస్టు కోసం ఫోన్లోనే మళ్లీ టైప్ చేయడం మేలు.

ఫోటో మీద తెలుగు రాయించినప్పుడు వత్తులు విడిపోయి పక్కకు జరుగుతుంటాయి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల సెట్టింగ్ పెట్టకపోతే అలా అవుతుంది. అది కనిపెట్టడానికి ‘లక్ష్మి’, ‘ప్రత్యేకం’, ‘బొబ్బట్లు’ లాంటి మాటలు చూడండి, తేడా ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. డిజైన్ చేసే అబ్బాయికి తెలుగు చదవడం రాకపోతే ఆ పని మీరే చేయాలి.

10. పోస్టు పెట్టే ముందు హోటల్లో ఒకరికి చదివి వినిపించండి. బాగుందా అని అడగవద్దు, మొహమాటానికి బాగుందంటారు. ‘ఎంతట? ఎన్నింటిదాకా? పార్సిల్ ఉందా?’ అని అడగండి. మూడిటికీ వెంటనే జవాబు వస్తే తెలుగు పోస్టు పనిచేస్తున్నట్టే. చదివేటప్పుడు మీరెక్కడ ఊపిరి పీల్చుకోలేక ఆగారో, అక్కడ వాక్యాన్ని రెండు చేయండి. ఇంగ్లీషు పోస్టును తెలుగు రాని ఉద్యోగికో, పై అంతస్తు అద్దె ఇంటివారికో చూపించి, పచ్చడి అంటే ఏం అర్థమైందో చెప్పమనండి.

11. హ్యాష్‌ట్యాగులు నాలుగైదు చాలు, అవి చివర్లో పెట్టండి. `#Ugadi2026`, `#Kukatpally` లాంటివి, జనం నిజంగా వెతికే మాటలు. హోటల్ ఉన్న పేట పేరు ఉండటం వల్ల దూరపువారి లైకుల కంటే దగ్గరివారి ఫోన్లు వస్తాయి.

12. పండగ రోజు ఎవరో ఒకరు పేజీ చూస్తుండాలి. ‘ఇంకా ఉందా అండీ?’ అని తెలుగులో అడిగినవారికి తెలుగులోనే, ఇంగ్లీషులో అడిగినవారికి ఇంగ్లీషులోనే జవాబివ్వండి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో అడిగినవారికి అవే అక్షరాల్లో చెప్పినా తప్పులేదు. అండీ అన్నవారికి మీరూ అండీ అనాలి. రెండున్నరకే బొబ్బట్లు అయిపోతే, ‘బొబ్బట్లు అయిపోయాయండి, మిగతా భోజనం 3.30 దాకా ఉంది’ అని రెండు భాషల్లోనూ పోస్టు పైనే ఒక వరుస చేర్చండి, అప్పుడే ఆటో ఎక్కుతున్న కుటుంబానికి దారిలోనే తెలుస్తుంది.