గ్రామీణ పాడి అంకుర సంస్థ వ్యాపార ప్రణాళిక: కార్యనిర్వాహక సారాంశం – ఒక నమూనా, దాని విశ్లేషణ

వ్యవసాయ, పశువైద్య కళాశాలల వ్యాపార ప్రణాళిక పోటీలలో న్యాయనిర్ణేతలు మొదట చదివేది కార్యనిర్వాహక సారాంశమే. ప్రణాళికలోని మిగిలిన అధ్యాయాలన్నీ పూర్తయిన తరువాత వ్రాయవలసిన ఈ ఒక్క పుట, సంస్థ ఏమి కొంటుంది, ఏమి అమ్ముతుంది, లీటరుకు ఎంత మిగులుతుంది, ఎంత పెట్టుబడి కావాలి, ఎక్కడ దెబ్బతినవచ్చు అను ఐదు ప్రశ్నలకు అంకెలతో సమాధానం చెప్పవలెను. పాడి రంగ ప్రణాళికలలో ఈ అంకెలు తప్పేది సాధారణంగా కూడికలలో కాదు, వాటి వెనుక ఉన్న ఊహలలో. అందువలన ఈ వ్యాసంలో ముందుగా ఒక నమూనా సారాంశం, తరువాత అందులోని ప్రతి ముఖ్యమైన అంకె ఎక్కడినుండి వచ్చినదో వివరించడమైనది. ధరలు, ఖర్చులు బోధన కొరకు ఊహించినవి. విద్యార్థులు తమ ప్రాంతపు ధరలను వాటి స్థానంలో ఉంచుకొనవలెను.

నమూనా సారాంశం

"ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని రెండు గ్రామాలలో 60 మంది రైతుల నుండి గేదె పాలను సేకరించి, గ్రామంలోనే 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచి, పట్టణంలోని మిఠాయి దుకాణాలకు, వసతి గృహాలకు సరఫరా చేయుట ఈ సంస్థ ఉద్దేశం. ప్రస్తుతం ఈ రైతులు సాయంత్రపు పాలను శీతలీకరణ సౌకర్యం లేనందున తక్కువ ధరకు అమ్ముకొనుచున్నారు.

రైతుకు కిలో వెన్నకు రూ. 750 చొప్పున చెల్లించబడును. 6.5 శాతం వెన్న గల లీటరు పాలకు ఇది రూ. 50.20. పట్టణంలో అదే పాలకు లభించే ధర రూ. 60. సేకరణ కమీషను రూ. 1.50, నష్టాల కేటాయింపు రూ. 0.50 పోగా లీటరుకు రూ. 7.80 మిగులును. జీతాలు, రవాణా, విద్యుత్తు, డీజిలు, అద్దె, రుణ వాయిదాతో కలిపి నెలసరి స్థిర ఖర్చు రూ. 93,000. రోజుకు 398 లీటర్లు సేకరించినపుడు లాభనష్టాలు సమానమగును.

అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు రోజుకు 600 లీటర్లు, మార్చి, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో 450, ఏప్రిల్ నుండి జూలై వరకు 300 లీటర్లు లభించునని అంచనా. ఈ లెక్కన సంవత్సరపు మిగులు రూ. 1,82,700. వేసవి నాలుగు నెలలలో నెలకు రూ. 22,800 చొప్పున లోటు ఉండును.

అవసరమైన మొత్తం రూ. 16 లక్షలు. ఇందులో యంత్ర సామగ్రికి రూ. 12 లక్షలు, నిర్వహణ మూలధనానికి రూ. 4 లక్షలు. నలుగురు ప్రవర్తకుల వాటా రూ. 5 లక్షలు, రైతుల వాటా రూ. 3 లక్షలు, బ్యాంకు రుణం రూ. 8 లక్షలు. ముఖ్యమైన ముప్పులు వేసవిలో పాల తగ్గుదల, కొనుగోలుదారుల చెల్లింపులలో జాప్యం, శీతలీకరణకు అంతరాయం."

వెన్న లెక్క

గేదె పాలకు ధర వెన్నను బట్టి ఉంటుంది. ఇక్కడ విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు లీటరును కిలోగా భావించుట. వెన్న శాతం బరువుపై లెక్కించేది. పాలు కొలిచేది లీటర్లలో. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగును. కాబట్టి 6.5 శాతం వెన్న గల లీటరు పాలలో వెన్న 1.03 × 0.065, అనగా 0.067 కిలో. రూ. 750 చొప్పున దాని విలువ రూ. 50.20. సాంద్రతను మరచినచో రూ. 48.75 మాత్రమే వచ్చును. తేడా లీటరుకు రూపాయిన్నరకు కొంచెం తక్కువ. ఇది చిన్నదిగా కనిపించినను, లీటరుకు మిగిలేదే రూ. 7.80 అయినపుడు అందులో ఇది దాదాపు ఐదవ వంతు.

ఇదే కారణంగా వెన్న పరీక్షలో 0.1 శాతం తేడా వచ్చినను లీటరుకు సుమారు 77 పైసలు, అనగా మిగులులో పదవ వంతు, అటో ఇటో పోవును. క్యానులో నిలిచిన పాలపై మీగడ తేలును. కలియబెట్టకుండా పైనుండి నమూనా తీసినచో వెన్న ఎక్కువగా చూపి సంస్థ నష్టపోవును. అడుగు నుండి తీసినచో రైతు నష్టపోవును. కొనుగోలు చేసిన వెన్న మొత్తాన్ని, అదే రోజు తొట్టిలోని పాల వెన్న మొత్తంతో ప్రతిరోజూ సరిపోల్చినచో ఈ లోపం త్వరగా బయటపడును.

మరొక విషయం సారాంశంలో ఒక్క వాక్యంగానైనా చేర్చదగినది. పాడి చివరి దశలో పాల పరిమాణం తగ్గుచుండగా వెన్న శాతం పెరుగును. వెన్న 7 శాతానికి చేరినపుడు కొనుగోలు ధర రూ. 54.08 అగును. కొనుగోలు వెన్నను బట్టి, అమ్మకం మాత్రం లీటరుకు స్థిరంగా రూ. 60 చొప్పున జరిగినచో మిగులులో రూ. 3.90 వరకు, అనగా సగం, తరిగిపోవును. కావున అమ్మకపు ఒప్పందం కూడా వెన్న ఆధారంగానే ఉండవలెను. పై నమూనాలోని రూ. 60 కిలో వెన్నకు సుమారు రూ. 896తో సమానం. కోవా తయారుచేసే దుకాణాలకు చిక్కని పాల విలువ తెలిసినదే కనుక వారితో ఇట్టి ఒప్పందం అసాధ్యం కాదు. నమూనా సారాంశంలో ఈ వాక్యం లేకపోవుట దాని లోపం. విద్యార్థులు దానిని చేర్చి చదువుకొనవలెను.

ఋతువుల ప్రభావం

గేదెలు ఎక్కువగా జూలై నుండి డిసెంబరు మధ్య ఈనును. అందువలన శీతాకాలంలో పాలు సమృద్ధిగా ఉండి, వేసవిలో చాలా గేదెలు వట్టిపోవును. సర్వే శీతాకాలంలో జరిపిన విద్యార్థులు రోజుకు 600 లీటర్లను పన్నెండు నెలలకూ వర్తింపజేసినచో ఫలితం ఎట్లుండునో చూడవచ్చు.

600 లీటర్ల వద్ద నెలకు మిగులు 600 × 30 × 7.80, అనగా రూ. 1,40,400, స్థిర ఖర్చు పోగా రూ. 47,400. దీనిని పన్నెండుతో హెచ్చించిన సంవత్సరపు మిగులు రూ. 5,68,800గా కనిపించును. వాస్తవంలో ఆ స్థాయి ఐదు నెలలే ఉండును. 450 లీటర్ల మూడు నెలలలో నెలకు రూ. 12,300 మాత్రమే మిగులును. 300 లీటర్ల నాలుగు నెలలలో స్థిర ఖర్చు కూడా రాదు. మూడింటిని కలిపినపుడు వచ్చేది రూ. 1,82,700, అనగా మొదటి అంకెలో మూడవ వంతుకు తక్కువ. సంస్థ నిలబడునా అను ప్రశ్నకు సమాధానం సంవత్సరపు సగటులో కాక, 398 లీటర్ల గీతకు దిగువన ఎన్ని నెలలు ఉండవలసి వచ్చునను దానిలో ఉన్నది.

వేసవి పాలు పెంచుటకు ఈతలను సర్దుబాటు చేయుదుమని అనేక ప్రణాళికలు పేర్కొనును. ఆలోచన సరియైనదే కాని కాలవ్యవధి గమనించవలెను. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. మార్చి చివర ఈనవలెనన్నచో మే మధ్యలో చూడి కట్టవలెను. సరిగ్గా ఆ ఎండలలోనే గేదెలలో ఎద లక్షణాలు బయటికి కనిపించక మూగ ఎదగా మిగిలిపోవుట ఎక్కువ. ఉదయం, రాత్రి వేళల పరిశీలన, నీటి జల్లు, నీడ, పచ్చిమేత లేనిదే ఈ ప్రయత్నం ఫలించదు. ఫలించినను ఆ పాలు మరుసటి వేసవికే వచ్చును. వేసవి సేకరణ 300 నుండి 350 లీటర్లకు పెరిగినచో నెలసరి లోటు రూ. 11,100కు తగ్గును, అయితే ఈ మెరుగుదలను మొదటి సంవత్సరపు ఆదాయంలో చూపరాదు.

నగదు ప్రవాహం

లాభం ఉన్న సంస్థ కూడా చేతిలో నగదు లేక ఆగిపోవచ్చు. రైతులకు పది రోజులకొకసారి చెల్లింపు వాగ్దానం చేసినచో, 600 లీటర్ల వద్ద రోజుకు రూ. 30,120 చొప్పున పదవ రోజుకు రూ. 3,01,200 సిద్ధంగా ఉండవలెను. కొనుగోలుదారులు పదిహేను రోజులకు లెక్క చూచి చెల్లించుదురు. అనగా మొదటి చెల్లింపు పూర్తిగా మూలధనం నుండే జరుగవలెను. వారు మరి ఐదు రోజులు ఆలస్యం చేసినచో ఇరవయ్యవ రోజున రెండవ బిల్లు కూడా అంతే మొత్తానికి ఎదురగును. అప్పుడు కావలసినది రూ. 6,02,400. నమూనాలోని రూ. 4 లక్షలు ఈ జాప్యాన్ని భరించలేవు. కావున కొనుగోలుదారుల నుండి ముందస్తు డిపాజిట్టు గాని, వారం వారం చెల్లింపు గాని ఒప్పందంలో ఉండవలెను. పాల డబ్బు ఒక్కసారి ఆగినచో రైతు మరునాడే వేరే కేంద్రానికి పాలు పోయును. సేకరణ 398 లీటర్లకు దిగువకు జారుటకు ఇదే దగ్గరి దారి.

ఆ రూ. 4 లక్షలలో రూ. 3 లక్షలు తొలి చెల్లింపునకు, మిగిలిన సుమారు లక్ష వేసవి లోటునకు ఉద్దేశించినవి. సంస్థ అక్టోబరులో ప్రారంభమైనచో శీతాకాలపు మిగులే వేసవిని దాటించును. యంత్రాలు ఆలస్యమై ఏప్రిల్‌లో ప్రారంభమైనచో మొదటి నాలుగు నెలలలోనే రూ. 91,200 లోటు వచ్చును. ప్రారంభ మాసాన్ని సారాంశంలో స్పష్టంగా పేర్కొనుట ఇందువలననే అవసరం.

శీతలీకరణ

పిదికిన పాలు సుమారు 37 డిగ్రీల వద్ద ఉండును. ఆ వేడిలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందును. పాలను మూడు, నాలుగు గంటలలో 4 డిగ్రీలకు చేర్చుట బల్క్ కూలర్ పని. చల్లబడిన ఉదయపు పాలలో సాయంత్రపు వెచ్చని పాలు కలిపినపుడు మిశ్రమపు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించకుండుట మంచిది. ప్రతి క్యానును తొట్టిలో పోయుటకు ముందు పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల పాలు తీసి, మరుగుచున్న నీటిలో ఐదు నిమిషాలు ఉంచి చూడవలెను. గడ్డలు కట్టినచో ఆ క్యానును తిరస్కరించవలెను. ఒక్క పులిసిన క్యాను తొట్టి మొత్తాన్ని చెడగొట్టగలదు.

శీతాకాలంలో ఒక రోజు పాలు చెడినచో నష్టం రూ. 30,120. నష్టాల కేటాయింపు లీటరుకు 50 పైసల చొప్పున నెలకు రూ. 9,000 మాత్రమే. అనగా ఒక్క రాత్రి విద్యుత్తు పోయి జనరేటరు పనిచేయకున్నచో మూడు నెలల కేటాయింపు దాటిపోవును. ఈ పోలిక ముందుంచినచో, ఖర్చు తగ్గింపు పేరున జనరేటరును తొలగించిన ప్రణాళిక ఎందుకు నిలబడదో న్యాయనిర్ణేతకు వేరుగా వివరించనక్కరలేదు.

మూల్యాంకనం

సారాంశాన్ని పరిశీలించు అధ్యాపకుడు మూడు అంకెలను తానే తిరిగి గణించి చూచుట చాలును: లీటరుకు మిగులు, లాభనష్టాలు సమానమగు రోజువారీ పరిమాణం, తొలి చెల్లింపు నాటికి అవసరమైన నగదు. ఈ మూడూ ప్రణాళికలోని పట్టికలతో సరిపోలి, అతి తక్కువ పాలు వచ్చే నెల అంకె సారాంశంలోనే కనిపించినచో, ఆ విద్యార్థులు గ్రామానికి వెళ్ళి రైతులతో లెక్క చూచుకొన్నారని భావించవచ్చును.