వైర్‌లెస్ ఛార్జింగ్: ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది, వేగం ఎందుకు పడిపోతుంది?

ప్యాడ్ డబ్బా మీద 15 వాట్లు అని రాసి ఉంటుంది. ఫోన్ పెట్టి అరగంట తర్వాత చూస్తే వెనక భాగం వెచ్చగా తగులుతుంది, ఛార్జింగ్ మాత్రం అనుకున్నంత ఎక్కదు. వేడి ఒక సమస్య, నెమ్మది ఇంకో సమస్య అని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు మొదటిదాని వల్లే రెండోది వస్తుంది. ఎలాగో చూద్దాం.

రెండు కాయిల్స్ మధ్య ఏం జరుగుతుంది?

ప్యాడ్ లోపల రాగి తీగని దోమల కాయిల్‌ లాగా చుట్టి పెడతారు. ఫోన్ వెనక గ్లాస్ కింద అలాంటిదే ఇంకోటి, బాగా పల్చగా ఉంటుంది. అడాప్టర్ నుంచి ప్యాడ్‌కి వచ్చేది డీసీ కరెంట్. దాన్ని అలాగే కాయిల్‌లోకి పంపితే కదలని అయస్కాంత క్షేత్రం వస్తుంది, అది ఫోన్ కాయిల్‌లో కరెంట్ పుట్టించలేదు. క్షేత్రం మారుతూ ఉంటేనే పక్క తీగలో కరెంట్ పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. అందుకే ప్యాడ్ ఆ డీసీని ఏసీగా మారుస్తుంది. మామూలు ప్యాడ్లలో దీని ఫ్రీక్వెన్సీ సుమారు 100 నుంచి 200 కిలోహెర్ట్జ్ వరకు ఉంటుంది.

ఫోన్ కాయిల్‌లో పుట్టేది కూడా ఏసీనే. బ్యాటరీకి కావాల్సింది డీసీ కాబట్టి ఫోన్‌లోని చిప్ మళ్లీ దాన్ని మారుస్తుంది. అంటే డీసీ ఏసీ అయ్యి, గాలి దాటి, తిరిగి డీసీ అవుతోంది. ప్రతి మజిలీలోనూ కొంత పవర్ వేడిగా పోతుంది.

ఫోన్ పక్కకి జరిగితే?

రెండు కాయిల్స్ ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఉన్నా, ప్యాడ్ పుట్టించిన క్షేత్రం మొత్తం ఫోన్‌కి అందదు. ఫోన్ ఓ సెంటీమీటర్ పక్కకి జరిగినా, మందపాటి కేస్ ఉన్నా ఇంకా తక్కువ అందుతుంది. అప్పుడు ఫోన్ ఆ క్షేత్రం ద్వారానే ప్యాడ్‌కి "ఇంకాస్త పెంచు" అని సంకేతం పంపుతుంది. ప్యాడ్ తన కాయిల్‌లో కరెంట్ పెంచుతుంది. తీగలో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఒక లెక్క వేద్దాం

మీ ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అనుకుందాం. శక్తిలో చెప్పాలంటే దాదాపు 19 వాట్-అవర్లు. మొత్తం సామర్థ్యం 70 శాతం అనుకుంటే, ఫోన్‌లోకి 10 వాట్లు వెళ్లాలంటే గోడ నుంచి 14 వాట్ల పైనే లాగాలి. మిగతా 4 వాట్లకు పైగా వేడి అవుతుంది.

కేబుల్‌తోనూ నష్టం ఉంటుంది. కానీ ఏసీని డీసీగా మార్చే పని గోడ దగ్గరి అడాప్టర్‌లో జరుగుతుంది, ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. వైర్‌లెస్‌లో కాయిల్, మార్పిడి చిప్ రెండూ ఫోన్ లోపల బ్యాటరీ పక్కనే వేడెక్కుతాయి. పైగా ఫోన్ వెనక వైపు వెచ్చటి ప్యాడ్‌కి ఆనుకుని ఉంటుంది కాబట్టి వేడి బయటికి పోయే దారి సగం మూసుకుపోతుంది.

వేడిలో లిథియం బ్యాటరీ త్వరగా పాతబడుతుంది. అందుకే ఒక హద్దు దాటగానే ఫోన్ తానే పవర్ తగ్గించుకుంటుంది. 10 వాట్లు నిలకడగా వెళ్తే 19 వాట్-అవర్లకు రెండు గంటలు చాలు. అది 5 వాట్లకి పడిపోతే నాలుగు గంటలు.

వేడి వల్లేనా? తేల్చుకోవడం ఇలా

నేను అడాప్టర్‌కీ ప్యాడ్ కేబుల్‌కీ మధ్య ఒక యూఎస్‌బీ పవర్ మీటర్ పెట్టి చూస్తాను. ఫోన్ ఛార్జ్ సగం లోపు ఉన్నప్పుడు మొదలుపెట్టండి, ఎందుకంటే నిండే దశలో పవర్ ఎలాగూ తగ్గుతుంది. రీడింగ్ మొదట ఎక్కువగా ఉండి, ఫోన్ వేడెక్కాక పడిపోయిందా? కేస్ తీసి, ఫోన్ కదపకుండా టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా చేయండి. కాసేపటికి రీడింగ్ మళ్లీ పెరిగితే అడ్డం పడింది వేడే. మొదటి నుంచీ తక్కువగానే ఉంటే అడాప్టర్‌ని అనుమానించండి. 5 వాట్ల పాత అడాప్టర్‌తో 15 వాట్ల ప్యాడ్ కూడా 5 వాట్లలోపే ఇస్తుంది.

2023లో వచ్చిన చీ2 ప్రమాణంలోని అయస్కాంతాలు ఫోన్‌ని సరైన చోట పట్టి ఉంచుతాయి కాబట్టి పక్కకి జరగడం వల్ల వచ్చే నష్టం తగ్గుతుంది. ఫోన్ లోపలి మార్పిడి వేడి మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి రాత్రంతా టైమ్ ఉంటే ప్యాడ్ హాయిగా వాడుకోండి. అరగంటలో బయటికెళ్లాలంటే, లేదా గేమ్ ఆడుతూ ఛార్జ్ చేయాలంటే మాత్రం కేబులే పెట్టండి.